నాందేడ్ గురుద్వారా, రెండు రకాల లౌకికవాదం

మన హిమాయత్‌నగర్‌లో రైలెక్కితే ముద్ఖేడ్ మీదుగా నాందేడ్ చేరుకుంటాం. అక్కడి సచ్‌ఖండ్ గురుద్వారా అందరికీ తెలిసిందే. 1708లో గురు గోవింద్ సింగ్ కన్నుమూసిన చోట పంజాబ్ మహారాజు రంజిత్ సింగ్ దాన్ని కట్టించాడు. ఆ గురుద్వారాను నడిపే బోర్డు ఒక ప్రభుత్వ చట్టం ప్రకారం ఏర్పడిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నాకూ మొన్నటిదాకా తెలీదు.

ఆ చట్టం 1956లో వచ్చింది. అప్పుడు మనం హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్నాం. అదే ఏడాది నవంబర్ 1న ఆ రాష్ట్రం మూడు ముక్కలై, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో కలిసింది. రాష్ట్రం పోయినా చట్టం మిగిలింది.

మతంతో సంబంధం లేదనే ప్రభుత్వం గుడికో గురుద్వారాకో బోర్డు ఎందుకు పెట్టాలి? ఈ ప్రశ్న ఫ్రాన్స్‌లో అయితే వెంటనే వస్తుంది. అక్కడ 1905లో చేసిన చట్టం ప్రకారం ప్రభుత్వం ఏ మతాన్నీ అధికారికంగా గుర్తించదు, ఏ మతానికీ జీతాలు ఇవ్వదు. మన దేశం వేరే దారి పట్టింది. అన్ని మతాలనూ సమానంగా గౌరవించాలి, అవసరమైతే వాటి ఆస్తులు, లెక్కలు సరిగ్గా ఉండేలా చూడాలి అన్నది మన పద్ధతి.

అయితే ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. సాయం చేయడానికి వచ్చిన చెయ్యి ఎక్కడ ఆగాలి? 2024 ఫిబ్రవరిలో మహారాష్ట్ర మంత్రివర్గం ఈ చట్టాన్ని మార్చాలనుకుంది. 17 మంది బోర్డులో 12 మందిని ప్రభుత్వమే నియమించేలా ఆ మార్పు ఉంది. సిక్కులు గట్టిగా వ్యతిరేకించారు. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మా గుడిని మేమే నడుపుకుంటాం అనడంలో తప్పేముంది అనిపించింది నాకు.

అలాగని ఫ్రాన్స్ దారే మంచిదా అంటే, అదీ చెప్పలేం. 2004లో అక్కడ ఇంకో చట్టం చేశారు. ప్రభుత్వ బడుల్లో పిల్లలు కొట్టొచ్చినట్టు కనబడే మత చిహ్నాలు వేసుకోకూడదు. ముస్లిం అమ్మాయిల తలగుడ్డతో పాటు సిక్కు అబ్బాయిల తలపాగా కూడా దాని కిందికి వచ్చింది. నాందేడ్‌లో తలపాగాతో బడికెళ్ళే అబ్బాయి ఫ్రాన్స్‌లో ఉంటే, దాన్ని గేటు దగ్గర తీసేయాలి, లేదా ప్రైవేటు బడి వెతుక్కోవాలి. మన రాజ్యాంగం 25వ అధికరణం అయితే కృపాణం ధరించడం కూడా సిక్కు మతంలో భాగమేనని రాసిపెట్టింది.

అంటే ఫ్రాన్స్ ప్రభుత్వం గురుద్వారా బోర్డు జోలికి రాదు గానీ పిల్లవాడి తలపాగా మీద చెయ్యి వేస్తుంది. మన ప్రభుత్వం తలపాగా జోలికి రాదు గానీ బోర్డు కుర్చీల మీద చెయ్యి వేస్తుంది. మా తరగతిలో దీని మీద చర్చ పెడితే సగం మంది అటు, సగం మంది ఇటు మాట్లాడారు. నేను మాత్రం తలపాగా వైపే ఉన్నాను. బోర్డు సంగతి పెద్దవాళ్ళు అసెంబ్లీలోనో కోర్టులోనో తేల్చుకోగలరు. బడి గేటు దగ్గర నిలబడ్డ పిల్లవాడు ఎవరితో తేల్చుకుంటాడు?