టీసీపీలో చిన్న ప్యాకెట్ల సమస్య

టీసీపీలో ప్యాకెట్ ఎంత చిన్నదైనా దానికి ముందు 40 బైట్ల హెడరు ఉంటుంది. టెల్నెట్‌లో ఒక్క అక్షరం నొక్కితే 41 బైట్లు బయల్దేరతాయి. గుప్పెడు గింజలకు ఎడ్లబండి కట్టినట్టే. 1982-84 మధ్య ఈ దుబారాకు దొరికిన మందులన్నిటి సారమూ ఒకటే: కాస్త ఆగి పంపడం. అయితే ఆగడం ఎంతసేపన్నది కన్నా దేనికోసమన్నది ముఖ్యం. తర్వాత వచ్చిన చిక్కంతా అక్కడే పుట్టింది.

మొదట బయటపడ్డది 'సిల్లీ విండో సిండ్రోమ్'. తన దగ్గర ఎంత చోటుందో గ్రహీత చెప్పే అంకెను విండో అంటారు. విండో 1000 బైట్లు, పంపే ముక్క 200 అనుకుందాం. మధ్యలో ఒకసారి ప్రోగ్రాం తొందరపెట్టి 50 బైట్లే పంపించింది. ఆ 50 అందినట్టు రసీదు రాగానే పంపేవాడికి ఖాళీ అయ్యేది 50 బైట్ల చోటే. వాడు వెంటనే మళ్లీ 50 పంపుతాడు. డేటా తెగకుండా వస్తున్నంత కాలం ఆ చిన్న ముక్క అలా తిరుగుతూనే ఉంటుంది. ముక్కలు పెరుగుతాయే తప్ప వాటంతట అవి కలవవు. 1982 జూలైలో ఎంఐటీకి చెందిన డేవిడ్ క్లార్క్ ఆర్‌ఎఫ్‌సీ 813లో ఈ జబ్బును వివరించి, రెండు వైపులా మందు చెప్పాడు: చెప్పుకోదగ్గ చోటు ఏర్పడేదాకా గ్రహీత విండో పెంచకూడదు, మిగిలిన చోటు మరీ తక్కువైతే పంపేవాడు ఆగాలి. 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 గ్రహీతకు కొలత ఇచ్చింది: ఒక నిండు ముక్క లేదా బఫరులో సగం, రెండిట్లో ఏది తక్కువైతే అది.

రసీదును ఆలస్యం చేయమన్న సలహా కూడా క్లార్క్ పత్రంలోనే ఉంది. దాని వెనుక లెక్క సబబైనదే. టెల్నెట్‌లో అక్షరం అందగానే రసీదు, దాన్ని ప్రోగ్రాం చదివాక కొత్త విండో, ఆపైన తెరమీద చూపాల్సిన అక్షరం, ఇలా మూడు ప్యాకెట్లు వెనక్కి వెళ్లవచ్చు. కాస్త ఆగితే మూడూ ఒకే బండి ఎక్కుతాయి. 1984 జనవరిలో ఫోర్డ్ ఏరోస్పేస్‌లో పనిచేస్తున్న జాన్ నేగిల్ రెండో కొసను, అంటే పంపేవాడి వైపును పట్టుకున్నాడు. పంపిన దానికి రసీదు రానంతవరకు కొత్త చిన్న ముక్కలను కూడబెట్టు, రాగానే కలిపి పంపు: ఆర్‌ఎఫ్‌సీ 896లోని నియమం ఇంతే. పోయిరావడానికి 5 సెకన్లు పట్టే లింకు మీద సెకనుకు 5 అక్షరాలు కొడితే 25 ప్యాకెట్లకు బదులు రెండే వెళ్తాయి: మొదట ఒక అక్షరం, తర్వాత 24. హెడర్ల భారం 4000 శాతం నుంచి 320 శాతానికి దిగుతుంది. ఇందులో గడియారం లేకపోవడమే అసలు తెలివి. లింకు ఎంత వేగంగా ఉంటే రసీదు అంత త్వరగా వస్తుంది, నిరీక్షణ కూడా అంతే తగ్గుతుంది.

ఆ తెలివికి ఆధారం రసీదు సకాలంలో రావడం. అవతల రసీదును ఆపేది గడియారమైతే? ఒక ప్రోగ్రాం 100 బైట్ల శీర్షికను ఒక `write`తోను, 300 బైట్ల విషయాన్ని ఇంకో `write`తోను పంపి, జవాబు కోసం కూర్చుందనుకుందాం. మొదటిది వెంటనే వెళ్తుంది. రెండోది రసీదు కోసం ఆగుతుంది. సగం అభ్యర్థనే అందిన సర్వరు జవాబివ్వలేదు, జవాబుతో పాటే వెళ్దామని రసీదు కాచుకుంటుంది. నువ్వు ముందంటే నువ్వు ముందు! బీఎస్‌డీ పద్ధతిలోని 200 మిల్లీసెకన్ల గడియారం మోగితేనే ముడి వీడుతుంది. ఒక్క మిల్లీసెకనులో పోయివచ్చే లోకల్ నెట్‌వర్క్ మీద కూడా సెకనుకు అయిదు అభ్యర్థనలకు మించవు. ప్రాసెసరు ఖాళీ, నెట్‌వర్కూ ఖాళీ. `tcpdump`లో చూస్తే చిన్న ముక్క తర్వాత ప్రతిసారీ దాదాపు అంతే విరామం, దాని వెంట డేటా లేని వట్టి రసీదు కనిపిస్తాయి. లినక్స్‌లో ఆ విరామం తరచు 40 మిల్లీసెకన్లు.

తప్పు నేగిల్ నియమానిదేనంటూ `TCP_NODELAY`తో దాన్ని ఆపేయమనేవాళ్లు చాలామంది. ఆపుకునే వీలుండాలని ఆర్‌ఎఫ్‌సీ 1122 కూడా ఆదేశించింది. మౌస్ కదలికల్లాంటి వాటికి అదే సరైనది కూడా. కానీ ముక్కలుముక్కలుగా రాసే ప్రోగ్రాంలో దాన్ని ఆపితే 1984 నాటి వరద తిరిగొస్తుంది. పై ఉదాహరణలో శీర్షికనూ విషయాన్నీ `writev`తో ఒకేసారి అందిస్తే ఆగే ముక్కే ఉండదు. అలాగని ప్రోగ్రామరు మీదే నెట్టేయడమూ న్యాయం కాదు. నిండు ముక్కలు రెండు చేరగానే రసీదు వెళ్లాలన్నది నియమం కాబట్టి, సరిసంఖ్యలో నిండు ముక్కల తర్వాత వచ్చే తోక సాఫీగా పోతుంది. బేసి అయితే ఒంటరి ముక్కకు రసీదు ఆలస్యమై తోక ఆగుతుంది. ఒకే `write`తో రాసినా ఇది తప్పదు. 1990ల చివర గ్రెగ్ మిన్షాల్ షరతును సడలించాడు: రసీదు రాని *చిన్న* ముక్క ఇప్పటికే దారిలో ఉంటేనే ఇంకో చిన్నదాన్ని ఆపాలి. లినక్స్ పాటించేది దీన్నే. బేసి సంఖ్య చిక్కు దీంతో తీరింది. రెండు చిన్న `write`ల ముడి మాత్రం అలాగే ఉంది, ఎందుకంటే అక్కడ మొదటి ముక్కే చిన్నది. గో భాష టీసీపీ కనెక్షన్లకు మొదటి నుంచే `TCP_NODELAY` పెట్టి ఇస్తుంది. అక్కడ ముక్కలను కూడబెట్టే పని `bufio` లాంటి బఫర్లతో ప్రోగ్రామే చేసుకోవాలి.