నాలుగో పాదం

నాన్నగారి పాత డైరీ రాజోలు నుంచి డాలస్ వచ్చింది. అందులో ఒక పేజీలో కాళిదాసు ‘రఘువంశం’ ఎనిమిదో సర్గలోని శ్లోకం ఒకటి, దాని కింద నాన్నగారి తెలుగు పద్యం, మార్జిన్ నిండా పెన్సిల్ రాతలు.

అజ మహారాజు భార్య ఇందుమతితో ఉద్యానంలో ఉండగా, ఆకాశాన పోతున్న నారదుడి వీణ మీది పూలదండ జారి ఆమె గుండెల మీద పడింది. ఆమె ప్రాణం పోయింది. ఇల్లాలివి, మంత్రివి, చెలివి, కళల్లో నా శిష్యురాలివి, నిన్ను తీసుకుపోయిన మృత్యువు నాకింకేం మిగిల్చిందని అజుడు ఏడుస్తాడు.

నాన్నగారు దాన్ని తేటగీతిలో పెట్టబోయారు. మొదటి రాత ఇదీ: “గృహిణి అని ఎత్తుకుంటే నాలుగో గణం మొదట యతికి ‘గి’ వెతకాలి. మాట దొరికింది గాని మనసొప్పలేదు.” దాన్ని కొట్టేసి, “ఇంటి వెలుగువై మంత్రివై యిష్టసఖివి” అని రాసుకున్నారు. ఇంటికీ ఇష్టానికీ యతి చెల్లింది. శిష్యురాలిని మాత్రం నాలుగో పాదానికి దాచారు. అమ్మకు గణాలు కట్టడం నేర్పింది ఆయనే. సాయంత్రం అరుగు మీద అమ్మ పద్యం చదువుతుంటే, యతి తప్పినచోట నాన్నగారు వేలితో స్తంభం తట్టేవారు.

తర్వాతి రాత 1996 నవంబరుది. ఆరో తేదీ రాత్రి తుఫాను కోనసీమ మీద పడింది. మా పెంకుటింటి గోడ కూలి అమ్మ పోయింది. నాన్నగారు ఆ సంగతి రాయలేదు. “తోటలో మొవ్వు విరిగిన చెట్లు కొట్టించాలి” అని మాత్రమే రాశారు. కొబ్బరిచెట్టుకు పక్కకొమ్మలుండవు, మొవ్వు పోతే ఇక చిగురించదు. మళ్లీ నాటిన మొక్క కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ దింపు లేదు, దింపు లేని ఇంటికి అప్పు తప్పదు. తోట ముక్కముక్కలుగా పోయింది. అరుగు మీదికి మనుషులు రావడం మానేశారు. నాన్నగారు ఆస్తి నిలుపుకోలేకపోయారని ఊరంతా అనేది. నేనూ అలాగే అనుకున్నాను.

దాని కింద ఇంకో రాత: “దశరథుడు పసివాడని అజుడు ఎనిమిదేళ్లు ప్రాణం పట్టుకుని ఉన్నాడు. మనకూ పిల్ల ఉంది.”

ఆఖరి రాత 2004ది: “మిగిలిన అరెకరం అమ్మేశాను. పిల్లకు వీసా వచ్చింది.”

ఆ అరెకరం అప్పులకు పోయిందని నాతో చెప్పారు. కొడుకు చేతికి రాజ్యం అప్పగించాక అజుడు గంగా సరయూ సంగమంలో దేహం విడిచాడు. నాన్నగారు నన్ను విమానం ఎక్కించి, అంతర్వేది సాగరసంగమంలో మునిగి ఇంటికి వెళ్లారట. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు బతికారు గాని పద్యం ముట్టుకోలేదు.

నాన్నగారు చితికిపోయారని ఇకపైన నా ముందు ఎవరూ అనవద్దు. సంవత్సరీకానికి ఆ పద్యాన్ని పక్కరాతలతో సహా అచ్చు వేయిస్తున్నాను. ఉన్నవి మూడు పాదాలే. నాలుగోదాని చోటు ఖాళీగానే వదలమని ప్రెస్సువాళ్లకు చెప్పాను.