మల్లెపొదలూ, మూడు నిమిషాల పాటలూ

మంట కాస్త ఎగదొయ్యరా అబ్బాయ్, చెబుతాను. మా తాతయ్య మల్లెపొదలు కత్తిరించేది ఇలాంటి చలిరోజుల్లోనే, అదీ ఆదివారం పొద్దున. ముందు కొన్నాళ్లు నీళ్లు మానేసి పొదని ఎండగట్టేవాడు. ఆకు రాలాక మోకాలెత్తున కోసి, ఎరువేసి, మళ్లీ నీళ్లు పెడితే ఎండలు ముదిరేసరికి మొగ్గ. తొందరపడి చేసే పని కాదది. పక్కన గట్టు మీద ఇత్తడి గ్లాసులో కాఫీ, వసారాలో గ్రామఫోను.

ఆయన చేతులు మట్టికొట్టుకుని ఉంటాయి కనక పెట్టె దగ్గర కాపలా నాది. అప్పటి లక్క రికార్డుకి ఒక్కో వైపు మూడు నిమిషాల పాటే పట్టేది. పాట అయ్యీ అవగానే తిరగేయాలి, ముల్లు మార్చాలి. ఉక్కు ముల్లు ఒక వైపు పాడేసరికే అరిగిపోతుంది. అరిగిన ముల్లుతోనే నడిపితే పాట వెనక బుసబుసమని చప్పుడొస్తుంది, రికార్డు గాళ్లు కూడా పోతాయి. మా నాయనమ్మకి అదంతా దుబారాగానే కనిపించేది. పారేసిన ముళ్లు ఏరి డబ్బాలో దాచేది, దేనికో ఇప్పటికీ నాకు తెలీదు!

ఇక కీ సంగతి. రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరగాలి. స్ప్రింగు వదులైందంటే వేగం తగ్గి, గొంతు కిందికి జారిపోతుంది. ఏ.ఎం.రాజా అంత మెత్తగా పాడుతున్నవాడు ఉన్నట్టుండి జలుబు చేసినట్టు బొంగురుపోయేవాడు. నేను గమనించేలోపే పొదల్లోంచి తాతయ్య కేక: "కీ ఇవ్వరా!"

ఎక్కువగా వేయించుకునేది 1954లో వచ్చిన 'విప్రనారాయణ' పాటలు. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, నాగేశ్వరరావుకి రాజా గొంతు. ఆ విప్రనారాయణుడూ తోటమాలే కదా, శ్రీరంగంలో పూలతోట పెంచి రంగనాథుడికి మాలలు కట్టినవాడు. తాతయ్యకి నచ్చింది ఆ కథ ఒక్కటే అనుకోకండి. రాజా గొంతు పెంచకుండా పాడతాడు, వాద్యాలు దాన్ని కప్పేయవు. పది గజాల దూరాన పొదలో ఉన్నా మాట మాటా వినపడేది, వినకపోయినా పోయేదేం లేదు. నా లెక్కలో ఆదివారప్పొద్దుటి పాటకి కావలసింది అదే. 'మల్లీశ్వరి' పాటలూ ఉండేవి గానీ, భానుమతి అందుకుందంటే తాతయ్య కత్తెర ఆగిపోయేది.

ఘంటసాల పద్యాలు మాత్రం మధ్యాహ్నం భోజనాలయ్యాకే. "రాగం తీస్తుంటే కొమ్మ ఎక్కడ కోస్తున్నానో చూసుకోనురా" అనేవాడు. రేడియో కొన్నాక ఈ ముళ్లూ కీలూ తప్పాయి. కానీ ఏ పాట ఎప్పుడు వేయాలో తాతయ్య చేతిలో లేకుండా పోయింది. సరిగ్గా కత్తెర పట్టుకున్నప్పుడే పద్యం వేసేవాళ్లు. అప్పుడు విసుక్కుంటూ లోపలికొచ్చి, నాయనమ్మని రెండో కాఫీ అడిగేవాడు.