అన్‌నోన్ యూనికాస్ట్ ఫ్లడింగ్

ఒక్క యంత్రానికే చేరాల్సిన ఫ్రేమును, ఆ యంత్రం ఏ పోర్టు వెనక ఉందో తెలియక, స్విచ్ ఆ వీలాన్‌లో అది వచ్చిన పోర్టు తప్ప మిగతా పోర్టులన్నిటికీ పంపడాన్ని అన్‌నోన్ యూనికాస్ట్ ఫ్లడింగ్ అంటారు. ఇది లోపం కాదు, బ్రిడ్జికి పుట్టుకతో వచ్చిన నియమం. 1980లలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్క్ కెంప్ఫ్ రూపొందించిన బ్రిడ్జి, వచ్చిన ఫ్రేములో పంపినవారి మ్యాక్ అడ్రసు చూసి నేర్చుకునేది. తెలియని అడ్రసు ఎదురైతే ఫ్రేమును అన్ని వైపులా పంపేది. యంత్రాలు చోటు మారతాయి కనుక, కొంతకాలం వినబడని అడ్రసును మరిచిపోయేది. ఆ గడువును 802.1డి ప్రమాణం 300 సెకన్లుగా సిఫార్సు చేసింది.

ఐపీ అడ్రసుకు మ్యాక్ అడ్రసును వెతికిపెట్టే ఏఆర్‌పీ (డేవిడ్ ప్లమర్, 1982) వేరే దారిలో వచ్చింది. సిస్కో రౌటర్లలో దాని ఎంట్రీ మామూలుగా 4 గంటలు నిలుస్తుంది. ఐదు నిమిషాలకూ నాలుగు గంటలకూ ఉన్న ఈ తేడా చాలాకాలం ఎవరినీ బాధించలేదు. రౌటరు ఒక్కటే ఉన్నప్పుడు రాకా పోకా దాని గుండానే సాగేవి, స్విచ్‌లు రెండు వైపులనూ వినేవి. ఒకటి పడిపోతే మరొకటి నిలబడేలా రెండు రౌటర్లను జతచేసే హెచ్‌ఎస్‌ఆర్‌పీ వంటి పద్ధతులు వ్యాపించాక చిక్కు బయటపడింది.

ధహ్రాన్‌లో ఒక ఆఫీసు క్యాంపస్ ఉందనుకుందాం. వీలాన్ 10లో బ్యాకప్ సర్వర్, వీలాన్ 20లో డేటాబేస్ ఉన్నాయి. పని పంచడానికి వీలాన్ 10కి మొదటి రౌటరును, వీలాన్ 20కి రెండోదాన్ని గేట్‌వేగా పెట్టారు. డేటాబేస్ పంపే డేటా రెండో రౌటరు మీదుగా వస్తుంది, బ్యాకప్ సర్వర్ జవాబులు మొదటి రౌటరుకు వెళ్తాయి. సర్వర్ ఎడతెగకుండా మాట్లాడుతున్నా, ఆ మాట రెండో రౌటరు పక్కనున్న స్విచ్ చెవిన పడదు. ఐదు నిమిషాలకు ఆ స్విచ్ సర్వర్‌ను మరిచిపోతుంది. రౌటరు మాత్రం ఏఆర్‌పీ ఎంట్రీని నమ్ముకొని పంపుతూనే ఉంటుంది. 300 మెగాబిట్ల బ్యాకప్ ప్రవాహం వీలాన్ 10లోని మిగతా యాక్సెస్ స్విచ్‌లన్నిటికీ పారుతుంది. అక్కడి 100 మెగాబిట్ల పోర్టులు నిండిపోతాయి. విచిత్రమేమిటంటే, సర్వర్ ఉన్న యాక్సెస్ స్విచ్‌కు దాని జాడ తెలుసు కాబట్టి అక్కడ అంతా ప్రశాంతమే. సర్వర్ ఎప్పుడైనా ఒక బ్రాడ్‌కాస్ట్ పంపితే అన్ని స్విచ్‌లూ మళ్లీ నేర్చుకుంటాయి, వరద ఆగుతుంది. ఫిర్యాదు అందుకున్న ఇంజినీరు వచ్చేసరికి ఏమీ కనబడకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే.

గుర్తుపట్టడం కష్టం కాదు. పని లేని పోర్టులన్నిటిలో బయటికి వెళ్లే ట్రాఫిక్ ఒకే స్థాయిలో ఉంటుంది, లోపలికి వచ్చేది దాదాపు సున్నా. ఏదో ఒక పీసీలో ప్యాకెట్లు పట్టి చూస్తే, తనది కాని ఒకే మ్యాక్ అడ్రసుకు వెళ్లే ఫ్రేములు కనిపిస్తాయి. ఆ అడ్రసు రౌటరు ఏఆర్‌పీ పట్టికలో ఉండి, పక్కనున్న స్విచ్ మ్యాక్ పట్టికలో లేకపోతే సందేహం తీరినట్టే.

మందు ఏఆర్‌పీ గడువును మ్యాక్ గడువుకన్నా తగ్గించడం:

```
interface Vlan10
 arp timeout 270
```

అప్పుడు స్విచ్ మరిచిపోయేలోపే రౌటరు మళ్లీ అడుగుతుంది, సర్వర్ ఇచ్చే జవాబు ఆ స్విచ్ మీదుగానే వస్తుంది. మ్యాక్ గడువును 14400 సెకన్లకు పెంచినా సరిపోతుంది, కానీ చోటు మారి మౌనంగా ఉన్న యంత్రానికి ఫ్రేములు పాత పోర్టుకే పోతుంటాయి.

అయితే ఈ రెంటికీ లొంగని దారి ఒకటుంది. పాత స్పానింగ్ ట్రీలో టోపాలజీ మార్పు కబురు రాగానే స్విచ్‌లు మ్యాక్ గడువును 15 సెకన్లకు దించుతాయి. పోర్ట్‌ఫాస్ట్ పెట్టని పోర్టుకు తగిలించిన ఒక పీసీని ఆన్ చేసినా, ఆఫ్ చేసినా ఆ కబురు పుడుతుంది. అందుకే యంత్రాలు తగిలించే పోర్టులన్నిటిలో పోర్ట్‌ఫాస్ట్ ఉందో లేదో ముందు చూసి, ఆ తర్వాతే గడువుల జోలికి వెళ్లడం మేలు.