ఫోటోలో చిక్కుపడిన ఇయర్‌ఫోన్ ఏ రకమో తెలుసుకోవడం ఎలా?

ఇలాంటిదే ఇంకొకటి కావాలంటూ మన సభ్యులు పాత ఇయర్‌ఫోన్ ఫోటో పంపుతుంటారు. అది పిచ్చుక గూడులా చిక్కుపడే ఉంటుంది. ఫరవాలేదు, విప్పకపోయినా గుర్తుపట్టవచ్చు. అందరూ చెవిలో పెట్టుకునే వైపే చూస్తారు గానీ, మేము ముందు చూసేది ఫోన్‌కు గుచ్చే పిన్ను.

ఈమధ్య హోసూరు నుంచి ఒక ఇంటివారు పంపిన ఫోటోలో నల్లదొకటి, తెల్లదొకటి పెనవేసుకుని ఉన్నాయి. అవ్వ నల్లదానితో మనవరాలికి ఫోన్ చేస్తే, ఆవిడకు అంతా వినిపిస్తుంది గానీ ఆవిడ మాట అవతలికి సరిగా వినిపించడం లేదట. చెవుల నుంచి వచ్చే రెండు వైర్లు ఒకటిగా కలిసిన చోటు నుంచి కిందికి చూసుకుంటూ వెళితే పిన్నులు దొరికాయి. రెండూ గుండ్రటి 3.5 మిల్లీమీటర్ల పిన్నులే. అయితే నల్లదాని పిన్ను మీద అడ్డంగా రెండు గీతలున్నాయి, తెల్లదాని మీద మూడు.

తేడా అంతా అక్కడే ఉంది. రెండు గీతలు పిన్నును మూడు భాగాలు చేస్తాయి. ఎడమ చెవికి ఒకటి, కుడి చెవికి ఒకటి, రెండింటికీ ఉమ్మడిగా ఒకటి. మైకుకు చోటు లేదు. మూడు గీతలుంటే నాలుగో భాగం మైకుది. అవ్వ నల్లది పెట్టుకుని ఫోన్‌ను దూరంగా బల్ల మీద ఉంచేవారు. మాటను అందుకోవలసింది ఆ ఫోన్‌లోని మైకే కాబట్టి అవతలికి సన్నగా వినిపించేది.

ఫోటోలో వెలుగు పడి పిన్ను మెరిస్తే ఒక గీత కనబడకపోవచ్చు. అప్పుడు వైరు మీద గడ్డం ఎత్తున చిన్న డబ్బీ, దానికి సూది మొనంత రంధ్రం ఉన్నాయేమో చూడాలి. ఆ రంధ్రం మైకుది. శబ్దం పెంచే చక్రం ఒక్కటే కనిపిస్తే మైకు ఉందని అనుకోవద్దు.

పిన్ను గుండ్రంగా కాక బల్లపరుపుగా ఉంటే రెండు రకాలు. కోలగా, లోపల బోలుగా ఉంటే టైప్-సి. బోలు లేకుండా, సన్నటి పలకలా, పైన బంగారు రంగు చుక్కలు వరుసగా కనిపిస్తే లైట్నింగ్. ఇది ఐఫోన్ 14 వరకు వచ్చింది, 2023లో వచ్చిన ఐఫోన్ 15 నుంచి వాటికీ టైప్-సినే.

చెవి వైపు సంగతి సులువు. మెత్తటి రబ్బరు టోపీ ఉంటే చెవి లోపలికి దూరే రకం. గట్టి ప్లాస్టిక్ బిళ్లలా ఉంటే చెవి బయట ఆనుకునేది. తల మీదుగా పట్టీ ఉంటే హెడ్‌ఫోన్. చెవి లోపల ఏదో దూర్చినట్టు ఉంటే ఇబ్బందిపడే పెద్దలకు బిళ్ల రకమే నయమని మా అభిప్రాయం.

ఫోటో చూసి చెప్పలేనిది ఒకటుంది. గుండ్రటి రంధ్రం లేని ఫోన్‌కు పాత ఇయర్‌ఫోన్ తగిలించాలంటే మధ్యలో టైప్-సి కన్వర్టర్ కావాలి. లోపల చిప్ లేని చవక కన్వర్టర్లు కొన్ని ఫోన్లలోనే పలుకుతాయి, చిప్ ఉన్నదీ లేనిదీ పైకి ఒకేలా కనిపిస్తాయి. కొట్లో మన ఫోన్‌కే పెట్టి, పాట విని, ఒక కాల్ మాట్లాడి చూశాకే డబ్బివ్వాలి. మాకు ఫోటో పంపేవారు ఫోన్ అడుగు అంచుది కూడా ఒకటి జతచేయండి.