హైబ్రిడ్ ప్రాసెసర్లు: ఆటకు ఏ కోరు, నేపథ్య పనికి ఏ కోరు?

ఒకే చిప్‌పై వేగానికి ప్రాధాన్యమిచ్చే పెద్ద కోర్లను, తక్కువ విద్యుత్తుతో పనిచేసే చిన్న కోర్లను కలిపి అమర్చిన ప్రాసెసర్‌ను హైబ్రిడ్ ప్రాసెసర్ అంటారు. పెద్దవాటిని పెర్ఫార్మెన్స్ కోర్లు (పీ-కోర్లు) అని, చిన్నవాటిని ఎఫిషియెన్సీ కోర్లు (ఈ-కోర్లు) అని వ్యవహరిస్తారు. ఆర్మ్ సంస్థ 2011లో ప్రకటించిన బిగ్-లిటిల్ విధానం ద్వారా ఈ ఆలోచన మొబైల్ ఫోన్లలో స్థిరపడింది. 2021 నవంబరులో విడుదలైన ఇంటెల్ 12వ తరం కోర్ ప్రాసెసర్లతో ఇది విండోస్ డెస్క్‌టాప్ కంప్యూటర్లకు విస్తరించింది. దీంతో కంప్యూటర్ వేగాన్ని కోర్ల సంఖ్యను బట్టి మాత్రమే అంచనా వేయడం సాధ్యం కాదు. ఏ పని ఏ కోరుపై నడుస్తోందన్నది కూడా కీలకమైంది.

నిర్మాణం

కోర్ ఐ5-12600కె ప్రాసెసర్‌లో 6 పీ-కోర్లు, 4 ఈ-కోర్లు ఉన్నాయి. ఒక్కో పీ-కోరు ఏకకాలంలో రెండు థ్రెడ్లను, అంటే ప్రోగ్రామ్‌లో వరుసగా సాగే రెండు పనులను, నడపగలదు. ఈ-కోరు ఒక్కదానినే నడుపుతుంది. ఆ విధంగా విండోస్‌కు మొత్తం 16 తార్కిక ప్రాసెసర్లు కనిపిస్తాయి. నాలుగు ఈ-కోర్లు చిప్‌పై దాదాపు ఒక పీ-కోరుకు పట్టేంత స్థలాన్నే ఆక్రమిస్తాయి. ఒక్కొక్కటిగా చూస్తే ఈ-కోరు నెమ్మదైనదే అయినా, పనిని ముక్కలుగా పంచగలిగిన చోట నాలుగూ కలిసి ఒక పీ-కోరు కంటే ఎక్కువ పని పూర్తి చేస్తాయి.

ఆటల్లో ప్రభావం

సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేమును సుమారు 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. 144 ఫ్రేములకైతే ఆ గడువు దాదాపు 7 మిల్లీసెకన్లే. చాలా ఆటల్లో ప్రధాన థ్రెడ్ ఒకటే ఉంటుంది. మిగిలిన థ్రెడ్ల ఫలితాల కోసం అది వేచి చూస్తుంది. వాటిలో ముఖ్యమైనది ఒక్కటి ఈ-కోరుపైకి వెళ్లినా మొత్తం ఫ్రేము ఆలస్యమవుతుంది. అప్పుడు సగటు ఫ్రేముల సంఖ్య బాగానే ఉన్నా, ఆట మధ్యమధ్య కుదుపుతో సాగుతుంది.

ఈ సమస్యను తగ్గించేందుకు ఇంటెల్ ‘థ్రెడ్ డైరెక్టర్’ అనే ఏర్పాటును చిప్‌లోనే పొందుపరచింది. ఏ థ్రెడ్ ఎలాంటి ఆదేశాలను నడుపుతోందో గమనించి అది ఆపరేటింగ్ సిస్టమ్‌కు సూచనలిస్తుంది. తుది నిర్ణయం మాత్రం ఆపరేటింగ్ సిస్టమ్‌దే. ఆ సూచనలను పూర్తిగా వినియోగించుకునేలా రూపొందినది విండోస్ 11.

ఆరంభంలో మరో చిక్కు ఎదురైంది. నకళ్లను అడ్డుకునే రక్షణ సాఫ్ట్‌వేర్ ఉన్న కొన్ని పాత ఆటలు ఈ-కోర్లను వేరే కంప్యూటర్‌గా భావించి ఆగిపోయాయి. ఆటలకు నవీకరణలు వచ్చే వరకు, కొన్ని మదర్‌బోర్డుల బయోస్‌లో ప్రత్యేక ఎంపికను ప్రారంభించి, స్క్రోల్ లాక్ మీటతో ఈ-కోర్లను తాత్కాలికంగా పక్కన పెట్టే వీలు కల్పించారు.

నేపథ్య పనులు

ఐ5-12600కె ఉన్న కంప్యూటర్‌లో ఒకరు వీడియో ఎగుమతిని ప్రారంభించి, ఆ విండోను మినిమైజ్ చేసి ఆట తెరిచారనుకుందాం. అన్నీ ఒకే రకం కోర్లయితే రెండు పనులూ వాటి కోసం పోటీపడతాయి. ఇక్కడ విండోస్ ముందున్న ఆటకు పీ-కోర్లను కేటాయించి, ఎగుమతిని ఈ-కోర్లకు మళ్లించవచ్చు. ఎగుమతికి ఎక్కువ సమయం పట్టినా ఆటకు ఆటంకం తగ్గుతుంది.

అదే నియమం ఒక్కోసారి నష్టం కలిగిస్తుంది. ఆట ముగించాక కూడా ఎగుమతి విండో మినిమైజ్ చేసే ఉంటే, పీ-కోర్లు ఖాళీగా ఉన్నప్పటికీ ఆ పని నాలుగు ఈ-కోర్లపైనే సాగవచ్చు. కంప్యూటర్ పాడైందని వినియోగదారులు పొరబడే సందర్భాల్లో ఇదొకటి.

గుర్తించడం ఎలా?

Task Managerలో Performance విభాగంలోని CPU గ్రాఫ్‌పై కుడి క్లిక్ చేసి, Change graph to కింద Logical processors ఎంచుకోవాలి. ఐ5-12600కెలో సాధారణంగా మొదటి 12 గళ్లు పీ-కోర్లవి, చివరి 4 ఈ-కోర్లవి. చివరి నాలుగు మాత్రమే నిండుగా ఉండి, మిగిలినవి దాదాపు ఖాళీగా కనిపిస్తే పని ఈ-కోర్లకే పరిమితమైందని అర్థం.

ముందుగా ఆ విండోను మళ్లీ తెరపైకి తెచ్చి చూడాలి. గ్రాఫ్ మారితే కారణం అదేనని తేలుతుంది. పవర్ ప్లాన్‌ను High performanceకు మార్చడం మరో మార్గం, అయితే విద్యుత్ వినియోగం పెరుగుతుంది. Details విభాగంలోని Set affinityతో కోర్లను స్వయంగా కేటాయించవచ్చు. ప్రోగ్రామ్ మూసి తెరిస్తే ఆ ఎంపిక నిలవదు. మోసాలను అడ్డుకునే వ్యవస్థలున్న కొన్ని ఆన్‌లైన్ ఆటలు ఈ మార్పును అనుమతించవు.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పటికే పూర్తి సామర్థ్యంతో పనిచేస్తున్న ఆటలో కోర్ల కేటాయింపును మార్చినా ఫ్రేముల సంఖ్య పెద్దగా పెరగదు.