ఓణీకి ముందు రాత్రి ముచ్చట

అమ్మలూ, చలిగా ఉంది, సిగిడీ దగ్గరికి జరుగు. రేపు నీ ఓణీల ఫంక్షన్లో మేనమామగా నాలుగు మాటలు చెప్పమంది మీ అమ్మ. ఏం చెబుతానో ముందు నీకే వినిపిస్తా. నచ్చనిది ఉంటే కొట్టేద్దాం. దానికంటే ముందు మీ అమ్మ ముచ్చటొకటి విను.

1959లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు ఇక్కడ భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించిన తర్వాత కొన్నేళ్లకి మీ తాత ప్లాంటులో చేరారు. అప్పట్లో ఇది మధ్యప్రదేశ్. క్వార్టర్లలో మన పక్కన బెంగాలీలు, ఎదురుగా ఛత్తీస్‌గఢీవాళ్లు. శ్రీకాకుళంలో అయితే పిల్లకి వేడుక ఎందుకని ఎవరూ అడగరు. ఇక్కడ షామియానా వేస్తే చాలు, "షాదీ హై క్యా?" అని వీధంతా అడిగేది. మర్నాడు బడిలో ఆ పిల్ల ఏమని చెప్పుకుంటుంది?

అందుకని మీ అమ్మ పెద్దమనిషైనప్పుడు మీ అమ్మమ్మ వేడుకని రెండుగా విడదీసింది. చాప మీద కూర్చోబెట్టడం, పులగం, చిమ్మిలి, తలంటు అన్నీ లోగదిలోనే, ఇంటి ఆడవాళ్ల మధ్య జరిపించేసింది. నువ్వులు, బెల్లం కలిపి చేతికి నూనె అంటేదాకా రోట్లో దంచి ఉండలు కట్టింది. సంక్రాంతి రోజులు కదా, ఎదురింటావిడ వాటిని తిల్ లడ్డూలనుకుని సంతోషంగా పుచ్చుకుంది. ఓణీ మాత్రం వేసవి సెలవుల్లో పెట్టుకున్నారు. మా మేనమామ రాయగడ మీదుగా రైల్లో పట్టు లంగా, జాకెట్టు, ఓణీ, పసుపు కుంకుమ తెచ్చాడు. అత్త ఓణీ వేసింది, పెద్దలు అక్షింతలు వేశారు.

అంతా బాగానే ఉందనగా, చుట్టాల్లో ఒకాయన లేచి "పిల్ల పెళ్లికెదిగింది, ఇక మా వాడికే" అన్నాడు. అందరూ నవ్వారు. మీ అమ్మ మాత్రం తలెత్తలేదు. హారతి అయ్యేదాకా ఓణీ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది.

అందుకే పెళ్లి మాట, బావల వేళాకోళం, ఎత్తు, రంగు, "పెద్దదైపోయింది" అనడం, ఇవేవీ రేపు నా నోట రావు. పిల్ల గురించి పదిమందిలో చెప్పాల్సింది దాని ఒంటి సంగతి కాదు, దాని పని, దాని గుణం. నేను చెప్పేది ఇంతే:

"మా మేనకోడలికి ఇవాళ ఓణీ వేశాం. తాతకి మందులు కావాలంటే సైకిలేసుకుని సివిక్ సెంటర్‌కి వెళ్లొస్తుంది, మిగిలిన చిల్లర పైసాతో సహా లెక్క చెబుతుంది. తప్పనిపిస్తే నా మొహం మీదే చెబుతుంది. ఆ సూటితనం ఎప్పటికీ అలాగే ఉండాలి. ఏం చదువుతానన్నా మేం వెనకుంటాం. చల్లగా ఉండు తల్లీ."

ఆ తర్వాత మైకు ఇంకెవరి చేతికీ ఇవ్వను. హారతి కాగానే నువ్వు నీ స్నేహితుల దగ్గరికి వెళ్లిపో. ఇంకో ఫొటో, ఇంకో ఫొటో అని పిలిచేవాళ్లకి నేను జవాబు చెప్పుకుంటా.